దద్దుర్లు లేని దురద: థైరాయిడ్ అనుకున్నది లివర్ దగ్గర తేలింది

పోయిన ఏడాది నవంబర్‌లో అరికాళ్లతో మొదలైంది. పగలంతా ఏమీ ఉండేది కాదు. రాత్రి పడుకుని దుప్పటి కప్పుకున్నాక అరికాళ్ల లోపల ఎక్కడో దురద పుట్టేది. పైన గోకితే తీరేది కాదు. మంచం కోడుకు అరికాలు రుద్దుకుంటూ పడుకునేదాన్ని. డిసెంబర్ మధ్యకి అరిచేతులు, ఆ తర్వాత పిక్కలు, నడుము, భుజాలు. చర్మం మీద చూస్తే ఏమీ లేదు. దద్దు లేదు, పొక్కు లేదు, ఎరుపు లేదు. ఉన్నవల్లా నేను గోకిన గీతలే.

దురద అనే మాట వింటే ఎవరికైనా చిన్న సమస్యగానే అనిపిస్తుంది. నొప్పి అంటే జాలిపడతారు, దురద అంటే సబ్బు మార్చమంటారు. నేను సబ్బు మార్చాను, బట్టల పౌడర్ మార్చాను, స్నానానికి వేడి నీళ్లు మానేసి గోరువెచ్చనివి వాడాను, రాత్రి ఒళ్లంతా మాయిశ్చరైజర్ రాసుకున్నాను. కాళ్ల మీద పొడిబారడం తగ్గింది. అరికాళ్లు, అరిచేతుల్లో దురద మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి.

డిసెంబర్ చివర్లో దగ్గర్లోని జనరల్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎలర్జీ మాత్ర రాసి, కొన్ని రక్తపరీక్షలు చేయించమన్నారు. ఖాళీ కడుపుతో రక్తం ఇచ్చాను, సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. షుగర్ లేదు, హిమోగ్లోబిన్ బాగుంది, క్రియాటినిన్ 0.7. లివర్ పరీక్షల్లో బిలిరుబిన్ 0.8, ఎస్‌జీపీటీ 52. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మాత్రం 6.8 ఉంది. ఆ ల్యాబ్‌లో దానికి పై హద్దు నాలుగున్నర దాకానే. "కిడ్నీలు బాగున్నాయి, కామెర్లు లేవు, లివర్ కూడా దాదాపు బాగానే ఉంది. థైరాయిడ్ కొంచెం మందగించింది, అందుకే చర్మం ఎండిపోయి దురద వస్తోంది" అన్నారు. 25 మైక్రోగ్రాముల థైరాక్సిన్ రాశారు. ఆ మాత్ర ప్రభావం రక్తంలో సరిగ్గా తెలియడానికి ఆరు వారాలైనా పడుతుంది కాబట్టి అప్పుడు మళ్లీ రమ్మన్నారు.

నాకు ఎంత ఊరట అంటే, ఆ రాత్రి దురద కూడా తగ్గినట్టే అనిపించింది. కారణం దొరికింది కదా. నిజానికి ఆ నిద్ర ఎలర్జీ మాత్రది. అది మత్తు ఇచ్చే రకం. మగతగా పడుకున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, పొద్దున లేచేసరికి దుప్పటి మీద రక్తపు చుక్కలు ఉండేవి. గోళ్లు పూర్తిగా కత్తిరించుకుని, నూలు గ్లౌజులు వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన పాపం నిద్రలోనే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు. అందుకు నాకు కోపం వచ్చేది. నిద్రలేమి మనిషిని అలా చేస్తుంది, ఎవరి మీదైనా అరవాలనిపిస్తుంది.

ఫిబ్రవరి రెండో వారంలో టీఎస్‌హెచ్ మళ్లీ చేయిస్తే 3.1 వచ్చింది. అంటే మందు పనిచేసింది. దురద మాత్రం పెరిగింది. థైరాయిడ్ సరైనా దురద కదల్లేదంటే కారణం థైరాయిడ్ కాదన్నమాట. ఇది నాకు తర్వాత చర్మం డాక్టర్ చెబితే గానీ తట్టలేదు. జనరల్ డాక్టర్ "ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నారు, నేను చర్మం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. దానికి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది.

ఆవిడ చూసిన తీరు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దారి మళ్లింది అక్కడే. ముందు వేళ్ల సందులు, మణికట్టు, నడుము చుట్టూ భూతద్దంతో వెతికారు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగారు. అది గజ్జి కోసం. లేదన్నాను. తర్వాత వీపు చూపించమన్నారు. భుజాల మీద, నడుము దగ్గర గోకిన గీతలు నిండుగా ఉన్నాయి. వీపు మధ్యలో నా చెయ్యి అందని చోట మాత్రం చర్మం నున్నగా ఉంది. ఆవిడ అక్కడ వేలు పెట్టి, "చూశారా, చెయ్యి అందని చోట ఏమీ లేదు. చర్మ వ్యాధి అయితే ఇక్కడ కూడా ఉండేది. మీకు దురద ముందు వచ్చింది, గీతలు తర్వాత వచ్చాయి. ఇలాంటప్పుడు లోపల వెతకాలి" అన్నారు.

ఆ తర్వాత ప్రశ్నలు. స్నానం చేసిన వెంటనే దురద ఎక్కువవుతుందా? రక్తకణాలు మరీ ఎక్కువయ్యే ఒక జబ్బులో అలా జరుగుతుందట. బరువు తగ్గారా, రాత్రుళ్లు జ్వరం, చెమటలు ఉన్నాయా, మెడలో, చంకల్లో గడ్డలు తగిలాయా? అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కోసం. మూత్రం ముదురు రంగులో, మలం తెల్లగా సుద్దలా ఉందా? గర్భం గానీ ఉందా? నాకు 46 ఏళ్లు, ఆ ప్రశ్నకి నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. నెలలు నిండుతున్న గర్భిణికి అరిచేతుల్లో, అరికాళ్లలో ఇలాంటి దురద వస్తే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలని, రక్తంలో పైత్యరసం తాలూకు బైల్ యాసిడ్లు చూడాలని, అది బిడ్డకి ప్రమాదం కావచ్చని అన్నారు. ఇటీవల వాడిన మందుల పేర్లన్నీ అడిగారు. కొన్ని యాంటీబయాటిక్‌లు, గర్భనిరోధక మాత్రలు, మూలికల మందులు కూడా లివర్‌లో గొడవ చేసి ఇలాంటి దురద తెస్తాయట. నేను అలాంటివేమీ వాడలేదు. కళ్లు ఎండిపోయినట్టు ఉంటాయా అని కూడా అడిగారు. ఉంటాయి, స్క్రీన్ ముందు పని కదా అనుకునేదాన్ని.

థైరాయిడ్ సంగతి అప్పుడు వివరంగా చెప్పారు. థైరాయిడ్ మందగిస్తే చర్మం పొడిబారి దురద వస్తుంది, అది ముఖ్యంగా కాళ్ల ముందు భాగంలో, చలికాలంలో ఎక్కువ, మాయిశ్చరైజర్‌తో బాగా తగ్గుతుంది. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తే చర్మం వెచ్చగా, చెమటగా ఉండి ఒళ్లంతా దురద పెట్టవచ్చు, దాంతోపాటు గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటాయి. నాది ఈ రెండిట్లో ఏదీ కాదు. మరి కిడ్నీ? క్రియాటినిన్ 0.7 ఉన్న మనిషికి కిడ్నీ వల్ల ఇంత దురద రాదన్నారు. అది కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక, ఎక్కువగా డయాలసిస్ దశలో వచ్చే బాధ.

అది నాకు కొంత తెలుసు, మా పెదనాన్నది అదే కథ. డయాలసిస్‌లో ఉన్న ఆయనకి వీపంతా దురద, ముఖ్యంగా రాత్రుళ్లు. ఆయనకి ఫాస్ఫరస్ అదుపు చేయడం, డయాలసిస్ సరిపడా జరుగుతోందో లేదో సరిచూడడం, చర్మానికి క్రీమ్ రాయడం అయ్యాక, డయాలసిస్ రోజున గాబాపెంటిన్ తక్కువ డోసులో ఇచ్చారు. దాంతో చాలా తగ్గింది. ఆ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కాబట్టి మామూలు డోసు ఇస్తే మత్తులో పడిపోతారట. అది నాకు పనికొస్తుందేమో అని ఆశగా అడిగాను. "మీ కారణం తెలియకుండా పెదనాన్నగారి మందు మీకెందుకు?" అన్నారు ఆవిడ.

తర్వాత నా పాత రిపోర్ట్ తిరగేస్తూ, "ఇందులో ఏఎల్‌పీ ఏది?" అని అడిగారు. లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే పరీక్ష ఆ చిన్న ప్యాకేజీలో లేనే లేదు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది: ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి లివర్ కణాలు దెబ్బతింటే పెరుగుతాయి. ఏఎల్‌పీ, జీజీటీ అనేవి లివర్ నుంచి పైత్యరసం సరిగ్గా పారకపోతే పెరుగుతాయి. దురద వచ్చేది ఈ రెండో గొడవలో. బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడడం ఎప్పుడో తర్వాత జరగవచ్చు, అసలు జరగకపోవచ్చు కూడా. కాబట్టి బిలిరుబిన్ 0.8 ఉంది, కామెర్లు లేవు అన్నంత మాత్రాన లివర్‌ని పక్కన పెట్టేయకూడదు. ఎలర్జీ మాత్ర ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే తెలిసింది. దద్దుర్ల దురద హిస్టమిన్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. ఈ దురద వేరే దారిలో వస్తుంది, అందుకని ఆ మాత్ర నిద్రమాత్రలాగే మిగిలింది.

ఎల్‌ఎఫ్‌టీ అనే పూర్తి లివర్ పరీక్షలు, జీజీటీ, ఫెరిటిన్, పూర్తి రక్తకణాల లెక్క, ఛాతీ ఎక్స్‌రే రాశారు. ఫెరిటిన్ ఎందుకంటే ఐరన్ లోపం వల్ల కూడా కొందరికి ఇలా దురద వస్తుందట. మర్నాటికి రిపోర్ట్ వచ్చింది. అన్నీ మామూలే, రెండు తప్ప. ఏఎల్‌పీ 412, పై హద్దు 120. జీజీటీ 380. ఏఎల్‌పీ ఒక్కటే పెరిగితే ఎముకల నుంచి వచ్చిందేమో అనుకోవచ్చు, జీజీటీ కూడా పెరిగింది కాబట్టి ఇది లివర్‌దే అని ఫోన్‌లో చెప్పి, లివర్ స్పెషలిస్ట్‌కి ఉత్తరం రాసిచ్చారు.

అపాయింట్‌మెంట్ మార్చి మూడో వారానికి దొరికింది. ఈ మధ్య రోజులు నా మటుకు అన్నిటికంటే కష్టం. రాత్రి నిద్ర పట్టదు, ఫోన్ చేతిలో ఉంటుంది. పైత్యనాళానికి అడ్డు, గడ్డ, క్యాన్సర్ అని చదువుతూ తెల్లవార్లూ టెన్షన్. మా చెల్లి వచ్చి నాలుగు రోజులు ఉండి, రాత్రి తొమ్మిదికి నా ఫోన్ తీసేసుకునేది.

లివర్ డాక్టర్ ముందు అల్ట్రాసౌండ్ చేయించారు. ఆరు గంటలు ఏమీ తినకూడదు, లేకపోతే పిత్తాశయం ముడుచుకుపోయి కనిపించదు. పైత్యనాళం వెడల్పు కాలేదు, రాయి లేదు, గడ్డ లేదు. ఆ మాట విన్నాక బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. పెద్ద నాళంలో అడ్డు లేదు, అయినా పైత్యరసం సరిగ్గా పారడం లేదంటే లివర్ లోపలి సన్నటి నాళాల్లో చూడాలన్నారు. దానికి ఏఎంఏ అనే యాంటీబాడీ పరీక్ష. నేను ఇచ్చిన రక్తపరీక్షల్లో విడిగా ఎక్కువ ఖరీదైంది అదే, రిపోర్ట్ ఎక్కువ ఆలస్యమైందీ అదే. మా ల్యాబ్ వాళ్లు శాంపిల్ వేరే చోటికి పంపుతారు, పది రోజుల దాకా పట్టింది. ముందే అడిగి ఉంటే నేరుగా ఆ పెద్ద ల్యాబ్‌లోనే ఇచ్చేదాన్ని.

ఏఎంఏ పాజిటివ్. ఏఎల్‌పీ మళ్లీ చేసినా అంతే ఉంది. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్, పొట్టిగా పీబీసీ. మన రోగనిరోధక శక్తే లివర్ లోపలి చిన్న పైత్యనాళాల మీద దాడి చేసే జబ్బు. మగవాళ్లలో తక్కువ, నా వయసు ఆడవాళ్లలో ఎక్కువ. థైరాయిడ్ మందగించడం, కళ్లు ఎండిపోవడం దీనికి తరచూ తోడుంటాయట. అంటే నా టీఎస్‌హెచ్ పెరగడం అబద్ధం కాదు, కానీ దురదకి కారణమూ కాదు. అది ఇదే ఇంటి ఇంకో కాపురం. ఏఎల్‌పీ, ఏఎంఏ రెండూ ఇంత స్పష్టంగా ఉంటే బయాప్సీ అక్కర్లేదన్నారు.

లివర్ ఎంత గట్టిపడిందో చూడడానికి ఫైబ్రోస్కాన్ చేశారు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లి, కుడి చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవాలి. పక్కటెముకల మధ్య ఒక పరికరం ఆనించి చిన్న చిన్న తాకిడులు ఇస్తారు, నొప్పి ఏమీ ఉండదు. నా రీడింగ్ 6.1 వచ్చింది, పెద్దగా మచ్చలు కట్టలేదని అర్థం. "మరి ఇంత దురద ఎందుకండీ?" అని అడిగాను. దురద ఎంత ఉందన్న దాన్ని బట్టి జబ్బు ఎంత ముదిరిందో చెప్పలేమన్నారు. జబ్బు తక్కువ ఉన్నా దురద భరించలేనంత ఉండవచ్చు, ముదిరినా దురదే లేని వాళ్లూ ఉంటారు.

ఏప్రిల్ మొదట్లో మందులు మొదలయ్యాయి. ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్, కిలో బరువుకి 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన. నేను 60 కిలోలు, రోజుకి 900, అంటే 300 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. ఇది జీవితాంతం వాడాలి, కాబట్టి అసలు ఖర్చు పరీక్షలది కాదు, దీనిదే. ఇంకో సంగతి, ఇది జబ్బును నెమ్మదింపజేసే మందు, దురదకి మందు కాదు. ఈ ముక్క డాక్టర్ ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే రెండు వారాల్లో పనిచేయలేదని మానేసేదాన్ని.

దురదకి విడిగా కొలెస్టిరమిన్ పొడి ఇచ్చారు. ఒక ప్యాకెట్‌లో 4 గ్రాములు, నీళ్లలో కలిపి తాగాలి. కరగదు, నోట్లో ఇసుకలా తగులుతుంది. రాత్రంతా పిత్తాశయంలో చేరిన పైత్యరసం పొద్దున తినగానే పేగులోకి వస్తుంది కాబట్టి టిఫిన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఇది పేగులో బైల్ యాసిడ్లని పట్టుకున్నట్టే పక్కనున్న మందుల్నీ పట్టేసుకుంటుంది. మిగతా మందులు దీనికి గంట ముందైనా వేసుకోవాలి, నాలుగు గంటల తర్వాతైనా వేసుకోవాలి. థైరాక్సిన్ పరగడుపున, పొడి టిఫిన్‌తో, ఉర్సో రోజుకి మూడు. ఎలా కుదురుతుంది? చివరికి డాక్టర్ థైరాక్సిన్‌ని రాత్రి పడుకోబోయే ముందుకి, భోజనం అయిన మూడు గంటల తర్వాతకి మార్చారు. ఉర్సో ఒకటి మధ్యాహ్నం, రెండు రాత్రి భోజనంతో. టైం పట్టిక రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

పొడితో మూడు వారాలకి దురద సగానికి తగ్గింది. మలబద్ధకం, కడుపు ఉబ్బరం వచ్చాయి. సగం తగ్గడం గొప్పే, కానీ రాత్రి రెండు గంటలకి మెలకువ రావడం ఆగలేదు. మే చివర్లో రిఫాంపిసిన్ 150 మిల్లీగ్రాములు రోజుకొకటి కలిపారు. మందుల షాపులో చీటీ చూసి, "టీబీ ఎప్పటి నుంచి అమ్మా?" అని గట్టిగా అడిగారు, క్యూలో నా వెనక ఉన్నాయన రెండడుగులు వెనక్కి జరిగాడు. అది టీబీ మందే, ఈ దురదకి కూడా పనిచేస్తుంది. మూత్రం నారింజ రంగులోకి వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. కన్నీళ్లు కూడా రంగు మారతాయి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే వాళ్లకి మరకలు పడతాయి. కానీ ఈ మందు కొందరిలో లివర్‌నే దెబ్బతీస్తుంది. అందుకని రెండు వారాలకొకసారి, తర్వాత నెలకొకసారి ఎల్‌ఎఫ్‌టీ చేశారు. కళ్లు పచ్చబడినా, వాంతులు, బాగా నీరసం వచ్చినా మందు ఆపి వెంటనే ఫోన్ చేయమన్నారు. గర్భనిరోధక మాత్రల లాంటి ఇతర మందుల బలాన్ని కూడా తగ్గించేస్తుంది. నా టీఎస్‌హెచ్ మళ్లీ ఐదు దాటి, థైరాక్సిన్ 50కి పెంచాల్సి వచ్చింది.

రిఫాంపిసిన్ మొదలైన పది రోజుల్లో ఒక పూట పొద్దున లేచేసరికి కిటికీలో ఎండ ఉంది. రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. మా ఆయన నన్ను లేపడానికి భయపడి టీ పెట్టుకుని హాల్లో కూర్చున్నారు.

అక్టోబర్‌లో ఆరు నెలల పరీక్షలు అయ్యాయి. ఏఎల్‌పీ 196కి వచ్చింది. ఏడాది నిండేసరికి హద్దుకి ఒకటిన్నర రెట్ల లోపుకి, అంటే నా ల్యాబ్ లెక్కలో 180 కిందికి రావాలని డాక్టర్ చూస్తున్నారు. రాకపోతే ఉర్సోకి తోడు ఇంకో మందు కలుపుతారు. ఈ జబ్బులో ఎముకలు పలచబడతాయి కాబట్టి ఎముకల సాంద్రత స్కాన్ కూడా చేశారు, దానికి విటమిన్ డి మొదలైంది. పొడి ఇప్పుడు రోజుకి ఒక ప్యాకెట్టే. దురద పూర్తిగా పోలేదు, వేడి ఎక్కువైన రాత్రుళ్లు అరికాళ్లలో కాస్త ఉంటుంది, తడిగుడ్డ చుట్టుకుంటే ఆగుతుంది.

అక్కాచెల్లెళ్లకి, కూతుళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువని డాక్టర్ అన్నారు. మా చెల్లి చేత ఏఎల్‌పీ చేయిద్దామని ల్యాబ్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి మళ్లీ అదే చిన్న లివర్ ప్యాకేజీ టిక్ పెట్టాడు. నేను చీటీ వెనక్కి తీసుకుని ఏఎల్‌పీ, జీజీటీ అని చేత్తో రాసిచ్చాను. ఆమె ఏఎల్‌పీ 88 వచ్చింది. మా అమ్మాయికి ఇరవై నిండలేదు, తనకి ఇప్పుడే అక్కర్లేదన్నారు.